వివాదాస్పద మ్యూజియం వస్తువుల ప్రదర్శన, పునరప్పగింత

వివాదాస్పద మ్యూజియం వస్తువులు అంటే ఒక మ్యూజియం స్వాధీనంలో ఉండి, అది తమకు చెందినదనీ, తమకు తిరిగి ఇవ్వాలనీ లేదా ఇప్పుడు చూపుతున్న విధంగా చూపరాదనీ మరొక జనసమూహం కోరుతున్న వస్తువులు. అటువంటి వస్తువును అది పుట్టిన సమాజానికి తిరిగి ఇవ్వడాన్ని పునరప్పగింత అంటారు. యుద్ధంలో దోచినవి, వలస పాలనలో తరలించినవి, ఆలయాల నుండి దొంగిలించినవి, మృతుల శరీరాలపై నుండి తీసినవి ఈ కోవలోకి వస్తాయి. దొంగతనం ఇటీవలిదైతే విషయాన్ని చాలావరకు చట్టమే తేలుస్తుంది. వస్తువు చేతులు మారి వంద సంవత్సరాలు దాటినప్పుడు చట్టం సాధారణంగా ప్రస్తుత స్వాధీనదారు పక్షానే ఉంటుంది. అప్పుడు మిగిలేది నైతిక ప్రశ్న. ఈ ప్రశ్నను ఒక మ్యూజియం బహిరంగంగా విచారించి తీర్పు చెప్పిన ఉదాహరణలలో ముఖ్యమైనది స్కాట్లండులోని గ్లాస్గో నగరానిది. లకోటా తెగకు చెందిన ఒక చొక్కా విషయమై 1998లో అక్కడ జరిగిన విచారణ, అందులో వాడిన ఐదు ప్రమాణాలు ఈ వ్యాసంలో ప్రధానాంశం. అదే నగరం 2022లో హైదరాబాదు నిజాముల సేకరణకు చెందిన ఒక ఖడ్గాన్ని కూడా భారతదేశానికి ఇవ్వడానికి అంగీకరించింది.

## చట్టం ఎక్కడ ఆగిపోతుంది

సాంస్కృతిక వస్తువుల అక్రమ రవాణాను అరికట్టడానికి యునెస్కో 1970లో ఒక ఒప్పందం చేసింది. భారతదేశం 1977లో దీనిని ఆమోదించింది. ఈ ఒప్పందం వెనుకటి కాలానికి వర్తించదు. కాబట్టి ఆ తరువాత దొంగిలించబడిన వస్తువు గురించి ఒక దేశం మరొక దేశాన్ని అడిగే పద్ధతి, 1897లో దోచిన వస్తువు గురించి అడిగే పద్ధతి ఒకటి కావు.

మొదటి రకానికి ఆంధ్ర ప్రదేశ్‌లోనే ఒక ఉదాహరణ ఉన్నది. ప్రకాశం జిల్లా చందవరం బౌద్ధ క్షేత్రానికి చెందిన, బుద్ధుని ఆరాధకులను చూపే ఒక సున్నపురాతి శిల్పాన్ని ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీ 2005లో న్యూయార్కు వ్యాపారి వద్ద కొన్నది. ఆ శిల్పం చందవరంలో ఉండగా తీసిన పాత ఫోటోలు బయటపడినప్పుడు, వ్యాపారి చూపిన చరిత్ర నిలువలేదు. గ్యాలరీ 2016లో శిల్పాన్ని భారతదేశానికి తిరిగి ఇచ్చింది. ఇటువంటి కేసులో నిర్ణయం కష్టమైనది కాదు. కష్టమంతా సాక్ష్యం దొరకడంలోనే ఉంటుంది. ఫోటో తీసి నమోదు చేయని వస్తువు పోతే, ఎదురుగా కనిపిస్తున్నా అది తమదని నిరూపించడం దాదాపు అసాధ్యం.

రెండవ రకం వస్తువులకు సాక్ష్యం తరచుగా మ్యూజియం పుస్తకాలలోనే ఉంటుంది. ఎవరు ఇచ్చారు, ఎప్పుడు ఇచ్చారు, ఎక్కడి నుండి తెచ్చారు అన్నది దాచకుండా రాసే ఉంటుంది. ఆ కాలంలో అది దాచవలసిన విషయంగా ఎవరికీ తోచలేదు. గ్లాస్గో చొక్కా ఈ రకానికి చెందినది.

## గ్లాస్గో చొక్కా

### పుట్టుక

1889 ప్రాంతంలో అమెరికాలోని నెవాడాలో పైయూట్ తెగకు చెందిన వోవోకా అనే ప్రవక్త ఒక దర్శనాన్ని గురించి బోధించసాగాడు. నియమంగా ఒక నృత్యం చేస్తే చనిపోయిన పూర్వీకులు తిరిగి వస్తారని, పాత లోకం మళ్ళీ వస్తుందని ఆ బోధ సారాంశం. దీనిని ఘోస్ట్ డ్యాన్స్ అన్నారు. భూములు పోయి, ప్రభుత్వం ఇచ్చే రేషన్ తగ్గి, ఆకలితో ఉన్న లకోటాలు 1890లో దీనిని స్వీకరించారు. వారు ఈ నృత్యానికి ప్రత్యేకమైన చొక్కాలు కుట్టుకున్నారు. నూలు గుడ్డతో చేసి, ఈకలతో, చిత్రాలతో అలంకరించిన ఈ చొక్కా తొడుక్కున్నవారికి తూటా తగలదని వారి విశ్వాసం.

1890 డిసెంబరు 29న దక్షిణ డకోటాలోని వూండెడ్ నీ అనే వాగు వద్ద అమెరికా ఏడవ అశ్వికదళం లకోటాల బృందం ఒకదాని నుండి ఆయుధాలు లాక్కుంటుండగా కాల్పులు మొదలయ్యాయి. స్త్రీలు, పిల్లలతో సహా చనిపోయిన లకోటాల సంఖ్యను 150 నుండి 300 వరకు చెబుతారు. మృతదేహాలను కొన్ని రోజుల తరువాత ఒకే గోతిలో పూడ్చారు. ఈలోగా వారి ఒంటిపై ఉన్న బట్టలు, వస్తువులు జ్ఞాపక చిహ్నాలుగా తీయబడి చేతులు మారాయి.

### గ్లాస్గోకు చేరిన విధం

మరుసటి సంవత్సరం "బఫెలో బిల్" వైల్డ్ వెస్ట్ ప్రదర్శన ఐరోపాలో తిరిగింది. ఘోస్ట్ డ్యాన్స్ విషయమై ఖైదు చేయబడి, ఈ ప్రదర్శనలో పనిచేయడానికి విడుదలైన లకోటాలు కూడా ఆ బృందంలో ఉన్నారు. 1891-92 చలికాలంలో బృందం గ్లాస్గో తూర్పు భాగంలో బస చేసింది. అందులో దుభాషిగా ఉన్న జార్జి క్రేగర్ నగర మ్యూజియం అధికారికి ఉత్తరం రాసి, తన వద్ద ఉన్న వస్తువులను ఇవ్వజూపాడు. మ్యూజియం 1892 జనవరిలో అతని నుండి కొన్ని వస్తువులను కొన్నది, మరికొన్నింటిని బహుమతిగా స్వీకరించింది. బహుమతిగా వచ్చినవాటిలో వూండెడ్ నీ వద్ద చనిపోయిన యోధుని ఒంటిపై నుండి తీసినదని చెప్పబడిన చొక్కా ఒకటి. దానికి రంధ్రాలున్నాయి.

మ్యూజియం దృష్టిలో ఈ స్వీకరణలో చట్టపరమైన లోపం లేదు. దాత తన వస్తువును ఇచ్చాడు, మ్యూజియం రసీదు రాసుకున్నది. కాని దాతకు ఆ వస్తువు ఎలా వచ్చిందన్న ప్రశ్న అప్పుడు ఎవరూ అడగలేదు. పునరప్పగింత వివాదాలు చాలావాటిలో చిక్కు ఇక్కడే ఉంటుంది. మ్యూజియం చేసిన కొనుగోలు నిజాయితీగలది కావచ్చు. దాని వెనుక ఒక అడుగులో ఉన్న సంపాదన అటువంటిది కాకపోవచ్చు.

### కోరిక, తిరస్కరణ

చొక్కా సుమారు వంద సంవత్సరాలు గ్లాస్గోలోనే ఉన్నది. 1992లో అక్కడి ఒక ప్రదర్శనలో దానిని చూసిన అమెరికన్ సందర్శకుడొకరు వూండెడ్ నీ బాధితుల వారసుల సంఘానికి సమాచారం అందించాడు. 1995లో లకోటా ప్రతినిధులు గ్లాస్గోకు వచ్చి చొక్కాను తిరిగి ఇవ్వాలని అడిగారు. ఆ సంఘం తరఫున పనిచేసినవారిలో మార్సెల్లా లెబో అనే లకోటా మహిళ ముఖ్యురాలు. ఆమె రెండవ ప్రపంచ యుద్ధంలో ఐరోపాలో సైనిక నర్సుగా పనిచేసింది.

అమెరికాలో ఆదివాసుల సమాధులు, పవిత్ర వస్తువుల విషయమై 1990లో చేసిన చట్టం ఆ దేశ సంస్థలకే వర్తిస్తుంది. స్కాట్లండులో లకోటాలకు చట్టపరమైన హక్కు ఏదీ లేదు. మ్యూజియం మొదట నిరాకరించింది. మ్యూజియం అన్నది ప్రపంచ సంస్కృతిని అందరి తరఫున భద్రపరచే సంస్థ అనీ, ఒకటి ఇస్తే మిగిలినవీ అడుగుతారనీ అప్పుడు వినిపించిన వాదన. ఇటువంటి కేసులలో ఈ రెండు వాదనలూ తరచుగా వినిపిస్తాయి. మొదటిదానికి బలం ఉన్నది. ఒక నగరంలోని పిల్లలు వేరొక ఖండం చరిత్రను కళ్ళారా చూసే అవకాశం చిన్నది కాదు. రెండవ వాదన మాత్రం ఎదుట ఉన్న కోరిక న్యాయమైనదా కాదా అన్న ప్రశ్నకు జవాబు చెప్పదు.

### ఐదు ప్రమాణాలు

వస్తువులు నగర పాలక సంస్థ ఆస్తి కాబట్టి చివరి నిర్ణయం ఎన్నికైన సభ్యులదే. నగర సభ ఒక కార్యవర్గాన్ని నియమించి, 1998 నవంబరులో బహిరంగ విచారణ జరిపింది. లకోటా ప్రతినిధులు, మ్యూజియం అధికారులు అందరి ఎదుట తమ వాదన వినిపించారు. అడిగిన ప్రతి వస్తువునూ ఈ క్రింది ఐదు ప్రశ్నలతో పరీక్షించాలని నిర్ణయించారు.

1. అడుగుతున్నవారికి ఆ సమాజం తరఫున మాట్లాడే అర్హత ఉన్నదా?
2. వస్తువును చేసిన సమాజానికి, ఇప్పుడు అడుగుతున్న సమాజానికి మధ్య తెగని సంబంధం ఉన్నదా?
3. ఆ సమాజపు సంస్కృతిలో, మతంలో ఆ వస్తువుకు ఉన్న ప్రాముఖ్యత ఏమిటి?
4. మ్యూజియం దానిని ఎలా సంపాదించింది, ఇంతవరకు ఎలా వాడుకున్నది?
5. తిరిగి ఇస్తే ఆ వస్తువు ఏమవుతుంది?

చొక్కా విషయంలో మొదటి రెండు ప్రశ్నలకు జవాబు స్పష్టం. అడిగినవారు ఆ కాల్పులలో బ్రతికి బయటపడినవారి సంతతి. మధ్యలో గడచినవి నాలుగైదు తరాలు మాత్రమే. మూడవ ప్రశ్నకు జవాబు చొక్కా స్వభావంలోనే ఉన్నది. అది ఒక మత విశ్వాసానికి గుర్తు, ఒక మృతుని వస్త్రం, ఒక సామూహిక మరణానికి మిగిలిన సాక్ష్యం. నాలుగవ ప్రశ్న దగ్గర, మ్యూజియం నేరం చేయలేదు గాని మృతుని ఒంటిపై నుండి తీసిన వస్త్రాన్ని వింత వస్తువుగా స్వీకరించిందన్న సంగతి ముందుకు వచ్చింది.

ఐదవ ప్రశ్న సున్నితమైనది. వస్తువును తిరిగి తీసుకున్న సమాజం దానిని ఏం చేయాలో ఇచ్చేవారు చెప్పవచ్చునా? చెప్పకూడదని ఒక వాదన. సొంతదారు తన వస్తువును భూమిలో పూడ్చినా, వాడినా అది అతని ఇష్టం. ఇన్ని సంవత్సరాలు ప్రజల సొమ్ముతో కాపాడిన వస్తువు గురించి అడిగే బాధ్యత నగరానికి ఉన్నదని రెండవ వాదన. గ్లాస్గోలో దీనిని షరతుగా కాక అంగీకారంగా పరిష్కరించారు. చొక్కాను భద్రపరుస్తామని, తగిన చోట ప్రజలకు చూపుతామని, అవసరమైతే గ్లాస్గోలో ప్రదర్శనకు అవకాశం కల్పిస్తామని వారసుల సంఘం తానుగా చెప్పింది.

నగర సభ చొక్కాను ఇవ్వడానికి అంగీకరించింది. 1999 వేసవిలో నగర ప్రతినిధులు దానిని దక్షిణ డకోటాకు తీసుకువెళ్ళి అప్పగించారు. వారసుల సంఘానికి అప్పటికి సొంత మ్యూజియం లేనందున చొక్కాను ఆ రాష్ట్ర రాజధాని పియర్‌లోని సాంస్కృతిక కేంద్రంలో ఉంచారు. మార్సెల్లా లెబో తన చేతితో కుట్టిన నమూనా చొక్కాను గ్లాస్గోకు ఇచ్చింది. కెల్విన్‌గ్రోవ్ మ్యూజియంలో దానిని ప్రదర్శనకు ఉంచారు.

## ప్రదర్శనలో నీతి

పునరప్పగింత గురించి చర్చ జరిగినంతగా ప్రదర్శన గురించి జరగదు. కాని నిర్ణయం తేలేలోగా, ఒక్కొక్కసారి దశాబ్దాల పాటు, వస్తువు అద్దాల వెనుకనే ఉంటుంది. దానిని ఎలా చూపాలన్నది కూడా నైతిక ప్రశ్నే.

మొదటిది, చూపవచ్చునా అన్నది. మృతుని రక్తం, గాయం గుర్తులు ఉన్న వస్త్రాన్ని బంధువులు ఉండగా బహిరంగంగా చూపడం ఏ సమాజంలోనైనా అభ్యంతరకరమే. వందేళ్ళు గడిచినంత మాత్రాన ఆ అభ్యంతరం తొలగిపోదు. వారసులు ఉన్నారా, వారి అభిప్రాయం ఏమిటి అన్నది అడిగి తెలుసుకోవలసిన విషయం.

రెండవది, వస్తువు పక్కన ఉండే వివరణ పలక. "ఘోస్ట్ డ్యాన్స్ చొక్కా, లకోటా, 1890, బహుమతి" అని రాస్తే అందులో అబద్ధం లేదు. కాని "బహుమతి" అన్న ఒక్క మాట వూండెడ్ నీని కనబడకుండా చేస్తుంది. పలకను పరీక్షించడానికి ఒక సులువైన మార్గం ఉన్నది. వస్తువు తయారైన చోటి నుండి మ్యూజియంలోకి వచ్చినంతవరకు ప్రతి అంచె అందులో ఉన్నదా, ఏ అంచె తెలియకపోతే తెలియదని రాశారా అని చూడాలి. "సేకరణ నుండి", "వారసత్వంగా", "లభించినది" వంటి కర్త లేని మాటలు ఎక్కడ వస్తాయో, సాధారణంగా వివాదం అక్కడ ఉంటుంది.

మూడవది, నమూనా ప్రశ్న. అసలు వస్తువు పోతే సందర్శకుడు నష్టపోతాడన్న వాదనకు గ్లాస్గో అనుభవం కొంత సమాధానం ఇచ్చింది. లెబో కుట్టిన చొక్కా 1890 నాటిది కాదు. కాని దానిని ఎవరు ఎందుకు ఇచ్చారో చెబితే, సందర్శకునికి హత్యాకాండ గురించే కాక వందేళ్ళ తరువాతి సంబంధం గురించి కూడా తెలుస్తుంది. అయితే ఈ పరిష్కారం అన్నిటికీ పనికిరాదు. ఒక వస్తువు విలువంతా పనితనంలో, పదార్థంలో ఉన్నప్పుడు నమూనా దాని స్థానాన్ని తీసుకోలేదు.

## ప్రమాణాల పరిమితులు

### ఎవరికి ఇవ్వాలి

ఐదు ప్రమాణాలలో తరచుగా తడబడేది మొదటిదే. 1897లో బ్రిటిషు సైన్యం నేటి నైజీరియాలోని బెనిన్ రాజ్యంపై దాడి చేసి అంతఃపురం నుండి వేలాది లోహ ఫలకాలు, దంతపు శిల్పాలు తీసుకుపోయింది. బెనిన్ రాజు తరఫున బ్రిటిషు పార్లమెంటు సభ్యుడు బెర్నీ గ్రాంట్ 1990లలో గ్లాస్గోను అడిగినప్పుడు నగరం నిరాకరించింది. 2022లో అదే నగరం 19 బెనిన్ వస్తువులను ఇవ్వడానికి అంగీకరించింది. వస్తువులు మారలేదు, అవి వచ్చిన విధమూ మారలేదు. మారినది ప్రశ్నను చూసే తీరు.

అయితే ఇవ్వడం నిశ్చయమయ్యాక మరొక ప్రశ్న వచ్చింది. 2023లో నైజీరియా అధ్యక్షుడు తిరిగివచ్చే బెనిన్ వస్తువుల యాజమాన్యం రాజుకు చెందుతుందని ప్రకటన జారీ చేశాడు. అప్పటివరకు జాతీయ మ్యూజియం సంస్థకు ఇస్తున్నామనుకున్న ఐరోపా సంస్థలలో కొన్ని వెనుకాడాయి. దోచినది రాజు అంతఃపురం నుండి కాబట్టి రాజుకే ఇవ్వాలా, లేక నేటి ప్రజలందరి తరఫున ప్రభుత్వానికి ఇవ్వాలా అన్నది బయటివారు తేల్చదగిన విషయం కాదు. కాని దానిని సాకుగా చూపి వస్తువును తమ వద్దనే ఉంచుకోవడం కూడా ఒక తీర్పే అవుతుంది.

### హైదరాబాదు ఖడ్గం

2022లో గ్లాస్గో నగరం ఇవ్వడానికి అంగీకరించిన వస్తువులు మొత్తం 51. వీటిలో క్రేగర్ ద్వారా వచ్చిన మరో 25 లకోటా వస్తువులు, భారతదేశానికి చెందిన ఏడు వస్తువులు ఉన్నాయి. ఆ ఏడింటిలో ఆరు, ఉత్తర భారతదేశంలోని ఆలయాలు, పుణ్యక్షేత్రాల నుండి పందొమ్మిదవ శతాబ్దంలో తీసుకుపోయిన రాతి శిల్పాలు, ద్వారబంధాల భాగాలు. ఏడవది హైదరాబాదు నిజాము సేకరణలోని ఉత్సవ ఖడ్గం, దాని ఒర. 2022 ఆగస్టు 19న కెల్విన్‌గ్రోవ్‌లో భారత హైకమిషను ప్రతినిధుల సమక్షంలో యాజమాన్య బదిలీ పత్రాలపై సంతకాలు జరిగాయి. బ్రిటనులోని ఒక మ్యూజియం సేవా సంస్థ భారతదేశానికి ఈ విధంగా వస్తువులను ఇవ్వడం ఇదే మొదటిసారి.

మ్యూజియం రికార్డుల ప్రకారం ఈ ఖడ్గాన్ని 1905లో ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ సేకరణ నుండి ఆయన ప్రధానమంత్రి మహారాజా కిషన్ పర్షాద్ తీసి, బొంబాయి సైన్యాధిపతి ఆర్చిబాల్డ్ హంటర్‌కు అమ్మాడు. హంటర్ బంధువు 1978లో దానిని గ్లాస్గోకు ఇచ్చాడు.

ఈ ఖడ్గాన్ని ఐదు ప్రమాణాలతో చూస్తే చొక్కాకు, దీనికి ఉన్న తేడా తెలుస్తుంది. ఇది యుద్ధంలో దోచినది కాదు. తీసినవాడు పరాయివాడు కాదు, ఆ రాజ్యంలోనే అత్యున్నత పదవిలో ఉన్నవాడు. సంపాదన విషయంలో లోపం స్పష్టంగానే ఉన్నది, ఎందుకంటే అమ్మినవానికి అమ్మే హక్కు లేదు. కాని పొందవలసిన సమాజం ఎవరన్నది అంత తేలికగా తేలదు. ఖడ్గం ఒక పాలకుని సొత్తు. ఆ రాజ్యం 1948లో భారతదేశంలో కలిసిపోయింది. దాని భూభాగం నేడు తెలంగాణ, మహారాష్ట్ర, కర్ణాటకల మధ్య పంచబడి ఉన్నది. ఒప్పందం భారత ప్రభుత్వంతో జరిగింది. అంతర్జాతీయంగా వేరొక మార్గం సాధారణంగా ఉండదు. అయితే దేశానికి ఇవ్వడంతో పునరప్పగింతలో సగమే పూర్తవుతుంది. ఆ తరువాత వస్తువు ఢిల్లీలో ఉండాలా, అది బయలుదేరిన నగరంలో ఉండాలా, ప్రజలు చూసే చోట ఉండాలా, భద్రపరచే గదిలో ఉండాలా అన్న ప్రశ్నలు దేశంలోపల తేలవలసినవి. లకోటాలను అడిగిన ఐదవ ప్రశ్న ఇక్కడా వర్తిస్తుంది.

### ఇవ్వడానికి వీలులేని మ్యూజియంలు

గ్లాస్గో ఇవ్వగలిగినది దాని వస్తువులు నగర సభ అధీనంలో ఉన్నందువలన. లండనులోని బ్రిటిషు మ్యూజియం పరిస్థితి వేరు. 1963 నాటి బ్రిటిషు మ్యూజియం చట్టం ప్రకారం కొన్ని పరిమిత సందర్భాలలో తప్ప ధర్మకర్తలు వస్తువులను వదులుకోరాదు.

అక్కడి అమరావతి శిల్పాలు ఇందుకు ఉదాహరణ. పద్దెనిమిదవ శతాబ్దం చివర స్థానిక జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కొత్త పట్టణం కడుతున్నప్పుడు స్తూపం రాళ్ళు కట్టడాలకు తరలిపోయాయి. కొన్ని సున్నంగా కాల్చబడ్డాయి. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన శిల్పాలు మద్రాసుకు, అక్కడి నుండి 1859లో లండనుకు చేరాయి. ఇక్కడ వాదన రెండు వైపులా ఉన్నది. తరలించడం వలన ఆ రాళ్ళు మిగిలాయనవచ్చు. తరలించినది ప్రజల అనుమతి అవసరం లేని పాలన అని కూడా అనవచ్చు. స్తూపాన్ని కట్టిన బౌద్ధ సమాజం ఆ చోట శతాబ్దాల క్రితమే అంతరించినందున రెండవ ప్రమాణానికి జవాబు లకోటాల విషయంలో వలె నేరుగా దొరకదు. మూడవ ప్రమాణానికి మాత్రం జవాబు ఉన్నది. స్తూపం ఉన్న చోట నిలబడినవానికి దాని రూపం తెలియాలంటే మద్రాసుకు, లండనుకు వెళ్ళవలసి ఉన్నది.

రక్షించామన్న వాదన తీసుకుపోయినదానికి కారణం కావచ్చు. ఇప్పటికీ ఉంచుకోవడానికి అదొక్కటే కారణం కాజాలదు. గ్లాస్గో నగరం వంద సంవత్సరాలు కాపాడిన చొక్కా విషయంలో అంగీకరించినది ఈ సంగతినే.

## ఇవి కూడా చూడండి

* అమరావతి స్తూపం
* చందవరం
* మహబూబ్ అలీ ఖాన్
* బ్రిటిషు మ్యూజియం
* వూండెడ్ నీ హత్యాకాండ